పేషెంట్ల జోలికి పోకుండా నర్సింగ్‌లో తొలి సర్వే పేపర్: ఏ అంశం తీసుకోవాలి?

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. మొదటి రీసెర్చ్ పేపర్ రాయాలి. హాస్పిటల్ పేషెంట్ల దగ్గర డేటా తీసుకునే అనుమతి మాకు దొరకదు. సర్వేతో చేయగలిగే టాపిక్ ఏదైనా చెప్పండి. అందరూ ఏదో ఒక నాలెడ్జ్ స్టడీ చేసేయమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు:

నన్నడిగితే ఒకే టాపిక్ చెబుతాను. గత ఏడాదిలో మీ తోటి విద్యార్థుల్లో ఎంతమందికి సూది గుచ్చుకుంది, గుచ్చుకున్నాక వాళ్లు ఎవరికి చెప్పారు, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు. దీన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెబుతాను. ఆ కారణం అర్థమైతే, ఈ టాపిక్ మీ గైడ్‌కు నచ్చకపోయినా మరొకటి మీరే వెతుక్కోగలరు.

సర్వే అంటే మనుషుల్ని అడిగి తెలుసుకోవడం. కాబట్టి అడిగితే తప్ప తెలియని విషయానికే సర్వే సరిగ్గా సరిపోతుంది. చేతులు ఎంత బాగా కడుగుతున్నారో తెలియాలంటే పక్కన నిలబడి చూడాలి. ఫారంలో అడిగితే అందరూ బాగానే కడుగుతున్నామని రాస్తారు. ఎంతమందికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందో తెలియాలంటే రికార్డు చూడాలి. కానీ సూది గుచ్చుకుని ఎవరికీ చెప్పని విద్యార్థి సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఆ విషయం ఆ విద్యార్థికి ఒక్కరికే తెలుసు. పేరు బయటికి రాదన్న నమ్మకం కలిగిస్తే చెబుతారు. ఇక్కడ సర్వే అనేది పేషెంట్లు దొరకలేదు కాబట్టి సర్దుకున్న పద్ధతి కాదు, ఈ ప్రశ్నకు ఉన్న సరైన దారే అది.

నాలెడ్జ్ స్టడీ మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే. ముప్పై ప్రశ్నలు ఇచ్చి, కొందరికి తక్కువ, ఎక్కువమందికి ఒక మోస్తరు, కొందరికి బాగా తెలుసని రాసి, చివర్లో అవగాహన కార్యక్రమం పెట్టాలని ముగించే పేపర్లు ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి. ఫలితం ఫారం పంచకముందే తెలిసిపోతుంది. పైగా ఫారం ఇంటికి పంపిస్తే ఫోన్‌లో వెతికి రాస్తారు, క్లాసులో పంచితే పక్కవాళ్లను అడిగి రాస్తారు. చివరికి మీరు కొలిచింది ఎవరి నాలెడ్జ్ అన్నది మీకే తెలియదు.

ఇంకో రెండు టాపిక్‌ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు తప్పకుండా సూచిస్తారు. మొదటిది నిద్ర. పీఎస్‌క్యూఐ అనే పేరున్న స్కేల్ ఉంది, 1989 నుంచి వాడుకలో ఉంది, మొత్తం స్కోరు 5 దాటితే నిద్ర నాణ్యత బాగాలేదని లెక్క. మంచి టాపికే. కానీ ఆ స్కేల్ గడిచిన నెల రోజుల నిద్ర గురించి అడుగుతుంది. మీ నైట్ పోస్టింగ్ వారం రోజులే అయితే, మీరు కొలవాలనుకున్నది ఆ వారం, స్కేల్ కొలిచేది ఆ నెల. రెండూ కలవవు. నెలంతా నైట్ పోస్టింగ్ ఉన్న బ్యాచ్ దొరికితేనే దీన్ని తీసుకోండి.

రెండోది డిప్రెషన్. దీన్ని మొదటి పేపర్‌కు వద్దనే చెబుతాను. డిప్రెషన్‌ను కొలవడానికి వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనలు, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతుంది. పేరు లేని ఫారంలో ఒకరు "దాదాపు ప్రతిరోజూ" అని టిక్ పెట్టారనుకోండి. ఎవరో మీకు తెలియదు, తెలుసుకునే వీలు లేదు, సాయం చేయలేరు. అలాంటి జవాబు చేతికొస్తే ఏం చేయాలో ముందే ఏర్పాటు లేకుండా ఆ ప్రశ్న అడగకూడదు. ఆ ఏర్పాటు ఒక విద్యార్థి గ్రూప్ వల్ల అయ్యేది కాదు.

ఇక మన టాపిక్‌కు వద్దాం. దీన్ని ఎలా చేయాలో ఒక ఊహాత్మక కాలేజీని తీసుకుని చెబుతాను. కింద నేను రాసే అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే, ఏ స్టడీ ఫలితాలూ కావు.

ముందు ఎవరిని అడగాలి. సూది ముట్టుకోని మొదటి సంవత్సరం విద్యార్థులను వదిలేయండి. వాళ్లను కలిపితే గుచ్చుకున్నవారి శాతం ఊరికే తగ్గి కనిపిస్తుంది. రెండు, మూడు, నాలుగు సంవత్సరాల్లో ఒక్కోదానిలో 80 మంది చొప్పున 240 మంది ఉన్నారనుకుందాం. స్టాఫ్ నర్సులను కలుపుకుందామని ఎవరైనా సలహా ఇస్తారు. వాళ్లను కలిపితే హాస్పిటల్ అనుమతి మళ్లీ అవసరమవుతుంది, మీరు తప్పించుకోవాలనుకున్న అడ్డంకి అదే.

శాంపిల్ సైజు లెక్క గైడ్ తప్పకుండా అడుగుతారు. ఎంతమందికి గుచ్చుకుని ఉంటుందో ముందుగా తెలియదు కాబట్టి సగం మంది అని పట్టుకుంటాం, ఎందుకంటే అప్పుడే శాంపిల్ అన్నిటికంటే పెద్దది వస్తుంది. 95 శాతం నమ్మకంతో (లెక్కలో 1.96 అందుకే), అటూ ఇటూ 5 శాతం తేడాను ఒప్పుకుంటాం.

```
n0 = (1.96² × 0.5 × 0.5) / 0.05² = 384
n  = 384 / (1 + 383/240) = 148
148 / 0.85 = 174.1 → 175
```

మొదటి వరుస జనాభా చాలా పెద్దదైనప్పుడు కావలసిన సంఖ్య. రెండో వరుస మీ దగ్గరున్నది 240 మందే కాబట్టి దానికి తగ్గట్టు సవరించింది. మూడోది, వందలో పదిహేను మంది జవాబివ్వరని ముందే అనుకుని ఎంతమందికి ఫారం ఇవ్వాలో చెప్పేది. లెక్క ఇలా చూపించండి, కానీ ఫారం మాత్రం 240 మందికీ పంపండి. 175 మందిని లాటరీ తీసి ఎంచుకోవడం కన్నా అందరినీ అడగడమే తేలిక, నన్నెందుకు ఎంచుకున్నారన్న అనుమానమూ ఎవరికీ రాదు.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. ఈ లెక్క "ఎంతమందికి గుచ్చుకుంది" అన్న ప్రశ్నకు వేసింది. మీకు నిజంగా ఆసక్తి ఉన్నది "గుచ్చుకున్నవాళ్లలో ఎంతమంది చెప్పారు" అన్నదాంట్లో. 160 మంది జవాబిచ్చి, వాళ్లలో 40 మందికి గుచ్చుకుందనుకుందాం. రెండో ప్రశ్నకు మీ శాంపిల్ 160 కాదు, 40. ఆ 40 మందిలో 12 మంది అధికారికంగా తెలియజేశారంటే 30 శాతం అయింది. కానీ 95 శాతం నమ్మకంతో ఆ 30 అనేది సుమారు 18 నుంచి 45 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి ఆ 40 మందినే మళ్లీ సంవత్సరాల వారీగా, సెక్షన్ల వారీగా విడగొట్టి ఎవరు ఎక్కువ చెబుతున్నారో తేల్చాలని చూడకండి. ఒక్కో గడిలో నలుగురో ఐదుగురో మిగులుతారు. గ్రూపుల మధ్య తేడా నిజమైనదేనా అని చూసే కై-స్క్వేర్ పరీక్ష పట్టికలో ఊహించిన సంఖ్య 5 కంటే తక్కువగా ఉన్న గడులు ఎక్కువైతే ఆ పరీక్షను నమ్మలేం. చిన్న సంఖ్యలకు వాడే ఫిషర్స్ ఎగ్జాక్ట్ పరీక్ష వాడొచ్చు గానీ, ఇంత తక్కువమందిలో అది కూడా ఉన్న తేడాను పట్టుకోలేకపోవచ్చు. మొదటి పేపర్‌కు మూడు అంకెలు చాలు: ఎంతమందికి గుచ్చుకుంది, వాళ్లలో ఎంతమంది తెలియజేశారు, చెప్పనివాళ్లు చెప్పిన కారణాలేమిటి. ఈ మూడింటినీ నిజాయితీగా చెబితే మంచి పేపరే అవుతుంది.

ప్రశ్నల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ స్టడీ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే.

"మీకు ఎప్పుడైనా నీడిల్ స్టిక్ ఇంజురీ అయిందా?" అని అడిగారనుకోండి. ఇందులో రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి "ఎప్పుడైనా". నాలుగో సంవత్సరం వాళ్లకు మూడేళ్ల అవకాశం, రెండో సంవత్సరం వాళ్లకు కొన్ని నెలల అవకాశం. పోలిక చెడిపోతుంది. గత 12 నెలలని కాలం పెట్టండి. గత 6 నెలలంటే ఇంకా బాగా గుర్తుంటుంది, కానీ సంఘటనల సంఖ్య తగ్గుతుంది. చిన్న కాలేజీకి 12 నెలలే నయం. రెండో సంవత్సరం వాళ్లు పోస్టింగ్‌లో అడుగుపెట్టి అన్ని నెలలు కాకపోతే, ఎన్ని నెలలుగా వెళ్తున్నారో కూడా అడిగి పేపర్‌లో రాయండి.

రెండోది "ఇంజురీ" అన్న మాట. నేను గైడ్ చేసిన ఒక గ్రూప్ ఈ మాటతోనే పైలట్ చేసింది, అంటే ముందుగా కొద్దిమందితో ఫారం నింపించి చూసింది. తర్వాత కూర్చుని మాట్లాడితే ఒక అమ్మాయి, "గుచ్చుకుంది గానీ మేడమ్, రక్తం రాలేదు కదా, అందుకే లేదని పెట్టాను" అంది. ఇంకొకరు వాడని సూది కాబట్టి లెక్కలోకి రాదనుకున్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, మేం అడిగిన మాటను వాళ్లకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. అప్పటి నుంచి ప్రశ్న పైన నిర్వచనం పెట్టించడం మొదలుపెట్టాను. ఇలా:

"సూది, బ్లేడు, పగిలిన ఆంప్యూల్ లాంటి పదునైన వస్తువు మీ చర్మంలో గుచ్చుకోవడం లేదా చర్మాన్ని కోయడం. రక్తం వచ్చినా రాకపోయినా, వస్తువు అప్పటికే వాడినదైనా కాకపోయినా లెక్కలోకి వస్తుంది. గత 12 నెలల్లో మీకు ఇలా ఎన్నిసార్లు జరిగింది? ఒక్కసారీ లేదు / ఒకసారి / రెండుసార్లు / మూడు లేదా అంతకన్నా ఎక్కువ"

అవును, కాదు అన్న జవాబుల బదులు ఎన్నిసార్లు అని అడగడంలో కూడా ఒక ప్రయోజనం ఉంది. ఇది జరిగే విషయమేనని ఆ ప్రశ్నే ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది, జవాబిచ్చేవారికి నేరం ఒప్పుకుంటున్నట్టు అనిపించదు. నిర్వచనంలో ఆంప్యూల్‌ను కలిపారు కాబట్టి పేపర్ పేరులో సూదితో పాటు పదునైన వస్తువులు అని కూడా రాయాలని మరిచిపోకండి.

ఒకటి కన్నా ఎక్కువసార్లు గుచ్చుకున్నవాళ్లను మిగతా ప్రశ్నలన్నీ చివరిసారి జరిగినదాని గురించే అడగండి. లేకపోతే మనుషుల లెక్క, సంఘటనల లెక్క కలిసిపోయి, శాతం దేనిలోదో మీరే చెప్పలేరు. చివరిసారి ఏం చేస్తుండగా జరిగింది (ఇంజెక్షన్ ఇస్తుండగా, క్యాప్ తిరిగి పెడుతుండగా, పారేస్తుండగా, ఆంప్యూల్ విరుస్తుండగా, పక్కవారి చేతిలోని సూది తగిలి), అప్పటికి ఆ వస్తువును పేషెంట్‌కు వాడారా లేదా, అంతవరకు చాలు. ఆ పేషెంట్‌కు ఏ జబ్బు ఉందని మాత్రం అడగకండి. అడిగారా, మీ స్టడీలోకి పేషెంట్ సమాచారం వచ్చేసినట్టే. పేషెంట్లు లేని సర్వే అని ఎథిక్స్ కమిటీకి మీరు రాసిన మాట తప్పవుతుంది. ఏ వార్డు, ఏ తేదీ అన్నవీ అదే కారణంతో వద్దు.

తర్వాతిది అసలు ప్రశ్న. "రిపోర్ట్ చేశారా?" అని ఎప్పుడూ అడగకండి. పక్కనున్న ఫ్రెండ్‌తో చెప్పినవారూ, క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌తో నోటిమాటగా చెప్పినవారూ, ఇన్సిడెంట్ ఫారం నింపినవారూ అందరూ చేశామనే అంటారు. ఆ మూడింటికీ మధ్య చాలా తేడా ఉంది. అందుకని "ఆ సంగతి ఎవరెవరికి చెప్పారు? వర్తించేవన్నీ గుర్తించండి" అని అడిగి తోటి విద్యార్థి, ఇంట్లోవాళ్లు, ఇన్‌స్ట్రక్టర్, వార్డు ఇన్‌చార్జ్, ఫారం నింపాను, ఎవరికీ చెప్పలేదు అని జవాబులు ఇవ్వండి. అధికారికంగా తెలియజేయడం అంటే వీటిలో ఏదో మీరు నిర్ణయించి, ఆ నిర్వచనాన్ని పేపర్‌లో రాస్తారు. అయితే డేటా చూశాక కాదు, చూడకముందే నిర్ణయించుకోండి. ఈ ఒక్క ప్రశ్న నుంచి మీ పేపర్‌లో అన్నిటికన్నా విలువైన పట్టిక వస్తుంది. ఎందుకంటే తోటివారికి చెప్పి ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పనివాళ్లు ఎక్కువగా ఉంటే, వాళ్లు ఆ విషయాన్ని పట్టించుకోలేదని కాదు, పైవారికి చెప్పే దారిలోనే ఏదో అడ్డం ఉందని అర్థం.

కారణాలు అడిగేటప్పుడు "ఎందుకు చెప్పలేదు?" అంటే నిలదీసినట్టుంటుంది. "చెప్పకపోవడానికి కింది వాటిలో ఏవి కారణం?" అని అడగండి. చిన్నదే కదా అనిపించింది, వాడని సూది, ఎవరికి చెప్పాలో తెలియలేదు, తిడతారనిపించింది, మార్కుల మీద ప్రభావం పడుతుందనిపించింది, పని మధ్యలో వీలు కాలేదు, పరీక్ష ఫలితం ఏమొస్తుందోనని భయం, ఇతరం. జాబితాలో మొదట ఉన్న జవాబును ఎక్కువమంది గుర్తిస్తారు. అందుకే గూగుల్ ఫారంలో `Shuffle option order` పెట్టండి. అయితే అది "ఇతరం" అని మీరు టైప్ చేసిన జవాబును కూడా కలిపేస్తుంది కాబట్టి, దానికి ఫారం ఇచ్చే `Other` నే వాడుకోండి. గుచ్చుకోనివారు, చెప్పినవారు ఈ ప్రశ్నకు రాకుండా `Go to section based on answer` వాడాలి. ఇది టిక్ బాక్సుల ప్రశ్నకు పనిచేయదు, ఒకే జవాబు ఎంచుకునే ప్రశ్నకే పనిచేస్తుంది. అందుకని ఎవరెవరికి అన్న ప్రశ్న తర్వాత "ఇన్‌స్ట్రక్టర్‌కు గానీ ఇన్‌చార్జ్‌కు గానీ చెప్పారా, లేదా ఫారం నింపారా? అవును / లేదు" అని ఒక చిన్న ప్రశ్న పెట్టి, దాన్నిబట్టి దారి మళ్లించండి.

ఈ ప్రశ్నావళికి క్రాన్‌బాక్ ఆల్ఫా ఎంత వచ్చిందని ఎవరైనా అడిగితే కంగారుపడకండి. ఒకే గుణాన్ని కొలిచే అనేక ప్రశ్నల స్కేల్‌కు ఆల్ఫా లెక్కిస్తారు. గుచ్చుకుందా, ఎవరికి చెప్పారు అన్నవి జరిగిన విషయాల ప్రశ్నలు, వాటికి ఆల్ఫా వర్తించదు. దాని బదులు ఐదారుగురు అధ్యాపకులతో ప్రతి ప్రశ్న అవసరమా, స్పష్టంగా ఉందా అని మార్కులు వేయించండి. పైలట్‌లో పది పదిహేను మంది చేత రెండు వారాల తేడాతో రెండుసార్లు నింపించి, రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూడండి. పేర్లు లేకుండా ఆ రెండు ఫారాలనూ జత చేయడానికి, వాళ్లకే గుర్తుండే ఒక కోడ్ రాసుకోమనండి. పైలట్‌కు వేరే కాలేజీ విద్యార్థులు దొరికితే మంచిది, లేదంటే మీ 240 మందిలోంచి ఆ కొద్దిమందిని తీసేసి చెప్పాలి. వాళ్లలో నలుగురైదుగురిని ప్రతి ప్రశ్న బిగ్గరగా చదివి, ఏం అర్థమైందో పైకి చెప్పమని అడగండి. రక్తం రాలేదన్న సంగతి మాకు బయటపడింది అలాగే.

ఎథిక్స్ కమిటీ విషయంలో ఒక అపోహ ఉంది. పేషెంట్లు లేరు కాబట్టి అనుమతి అక్కర్లేదని. అక్కర్లేదని చెప్పే అధికారం కమిటీది, మీది కాదు, మీ గైడ్‌దీ కాదు. వాళ్లు మినహాయింపు ఇచ్చినా ఆ ఉత్తరం మీ చేతిలో ఉండాలి, పంపేటప్పుడు జర్నల్ అడుగుతుంది. డేటా తీసుకున్నాక వెనక్కి వెళ్లి అనుమతి తెచ్చుకునే వీలు సాధారణంగా ఉండదు. కమిటీ తప్పకుండా చూసేది ఒకటుంది. మీరు అడిగేది విద్యార్థుల్ని, వాళ్ల మార్కులు వేసేది అధ్యాపకులు. కాదంటే ఏమవుతుందోనని ఒప్పుకునేవారు ఉంటారు.

ఇది కాగితం మీది ఫార్మాలిటీ కాదని నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట ఒక గ్రూప్ ఇలాంటి ప్రశ్నావళినే క్లాసులో పంచింది. క్లినికల్ మార్కులు వేసే మేడమే స్వయంగా బల్లల మధ్య తిరుగుతూ ఫారాలు తీసుకున్నారు. దాదాపు అందరూ ఒక్కసారీ గుచ్చుకోలేదని రాశారు. ఆ పిల్లలకు నెలల పని వృథా అయింది. అలాంటి ఫలితం మీకు వస్తే మా కాలేజీలో సమస్య లేదని సంబరపడకండి. ఇంజెక్షన్లు ఇస్తున్న వంద మందికి పైగా విద్యార్థుల్లో ఏడాదంతా ఒక్కరికీ గుచ్చుకోలేదంటే ముందుగా అనుమానించాల్సింది ఫారం తీసుకున్న తీరునే.

కాబట్టి లింక్‌ను క్లాస్ రిప్రజెంటేటివ్ ద్వారా పంపండి. అధ్యాపకులెవరూ ఎవరు నింపారో ఆరా తీయకూడదు. ఫారంలో `Collect email addresses` ఆపి ఉంచండి. `Limit to 1 response` పెడితే సైన్ ఇన్ అవ్వాలి, అది చూడగానే పేరు తెలిసిపోతుందని భయపడతారు. ఒకరే రెండుసార్లు నింపే ప్రమాదం కన్నా భయంతో అబద్ధం రాసే ప్రమాదమే ఇక్కడ పెద్దది, అందుకని దాన్ని నేను ఆపేయమంటాను. రెండుసార్లు నింపినట్టు అనుమానం వస్తే సమయాలు, జవాబులు పోల్చి చూడొచ్చు. వ్యక్తిగత వివరాలు సంవత్సరం ఒక్కటీ చాలు. వయసు, సెక్షన్, ఆడా మగా అన్నీ కలిపి అడిగితే, ఆ సంవత్సరంలో ఒక్కరే అబ్బాయి ఉంటే అతని పేరు రాసినట్టే.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమనిపించేది. ఫారం నింపుతున్నవారిలో ఎవరికో నిన్ననే గుచ్చుకుని ఉండొచ్చు. మొదటి పేజీలోనే పెట్టండి: గుచ్చుకున్న చోట సబ్బు, నీళ్లతో కడగాలి, పిండకూడదు, వెంటనే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమని డాక్టర్ చెబితే, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. మీ కాలేజీలో ఎవరిని కలవాలో కూడా రాయండి. దీనివల్ల జవాబులు కొంచెం మారతాయని ఎవరైనా అంటే మారనివ్వండి. మీరు అడిగేది గతం గురించి, దాని మీద పడే ప్రభావం తక్కువే. కావాలంటే అదే సమాచారాన్ని ఫారం చివర్లో కూడా ఇవ్వండి, మొదటి పేజీలోంచి మాత్రం తీసేయకండి.

జవాబులు వచ్చాక మొదట చూడాల్సింది గుచ్చుకున్నవారి శాతం కాదు, జవాబివ్వనివారు ఎవరు అన్నది. 240 మందిలో 160 మంది నింపారు, అంటే 67 శాతం. సంవత్సరాల వారీగా చూస్తే రెండో సంవత్సరంలో 70, మూడులో 55, నాలుగులో 35 అనుకుందాం. అందరికన్నా ఎక్కువ సూదులు వాడిన నాలుగో సంవత్సరం వాళ్లే అందరికన్నా తక్కువగా జవాబిచ్చారు. అప్పుడు మీకు వచ్చిన 25 శాతం, అంటే 160లో 40, అసలు ఉన్నదానికన్నా తక్కువే కావచ్చు. రెండు కొసలూ లెక్కవేసి చూడండి. జవాబివ్వని 80 మందిలో ఒక్కరికీ గుచ్చుకోకపోతే 240లో 40, అంటే 17 శాతం. అందరికీ గుచ్చుకుని ఉంటే 240లో 120, అంటే 50 శాతం. నిజం ఈ రెంటి మధ్య ఉంటుంది. ఈ నాలుగు వాక్యాలు మీ పేపర్‌లో ఉంటే, రివ్యూ చేసేవారు ఆ విషయం మీకు తెలుసని గుర్తిస్తారు. లేకపోతే ఆ ప్రశ్న వాళ్లే వేస్తారు. మొదటి వారంలోనే సంవత్సరాల వారీ లెక్క చూసుకుంటే, తక్కువ వచ్చిన బ్యాచ్‌కు ఇంకో రెండుసార్లు గుర్తుచేసే సమయం కూడా ఉంటుంది.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. "నర్సింగ్ విద్యార్థుల్లో 70 శాతం మంది రిపోర్ట్ చేయరు" అని రాయకండి. "గత 12 నెలల్లో కనీసం ఒకసారి గుచ్చుకున్నట్టు చెప్పిన 40 మంది విద్యార్థుల్లో 28 మంది చివరి సంఘటనను అధికారికంగా తెలియజేయలేదు" అని రాయండి. పొడవుగానే ఉంటుంది, కానీ మీ డేటా చెప్పింది అంతే. అలాగే, గుచ్చుకుంటే ఏం చేయాలన్న ప్రొటోకాల్ తెలుసా అన్న ప్రశ్న కూడా పెట్టి, తెలియజేసినవారికే అది బాగా తెలుసని వస్తే, తెలియడం వల్లే తెలియజేశారని రాయకూడదు. తెలియజేసినప్పుడు ఎవరో వివరించి చెప్పడం వల్లే తెలిసి ఉండొచ్చు. ఒకేసారి తీసుకున్న సర్వేలో ఏది ముందు, ఏది వెనక అన్నది తేలదు.

పేపర్ నిర్మాణానికి స్ట్రోబ్ అనే 22 అంశాల చెక్‌లిస్ట్ ఉంది, ఇలాంటి స్టడీలకు చాలా జర్నళ్లు అదే అడుగుతాయి. దాన్ని రాయడం అయిపోయాక కాకుండా ఇప్పుడే దించుకుని, ప్రొపోజల్ రాసేటప్పుడే పక్కన పెట్టుకోండి. శాంపిల్ సైజు, జవాబివ్వనివారు, నిర్వచనాలు అన్నీ అందులో అడిగేవే.

ఈ వారం చేయాల్సింది రెండే. ముందు మీ ఎథిక్స్ కమిటీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటుందో కనుక్కోండి, మీ టైమ్‌టేబుల్ అంతా ఆ తేదీని బట్టే ఉంటుంది. తర్వాత పైన రాసిన నిర్వచనం, ఎన్నిసార్లు, ఎవరెవరికి చెప్పారు, కారణాలు అన్న నాలుగింటినీ ఒక కాగితం మీద రాసి ముగ్గురు స్నేహితులతో బిగ్గరగా చదివించండి. వాళ్లకు ఎక్కడ తడబాటు వచ్చిందో ఇక్కడ రాస్తే, ఆ ప్రశ్నలు ఎలా మార్చాలో చూద్దాం.